వంద పెద్దగా, ‘వరకు’ చిన్నగా: క్యాష్‌బ్యాక్ ఆఫర్లు రాసేవారికి బహిరంగ లేఖ

పేమెంట్స్ యాప్‌లు నడిపే కంపెనీల వారికి, ఆ యాప్‌ల ఆఫర్లను తెలుగులో రాసిపెట్టే వారికి,

నమస్కారం. నేను తిరుపతి బైరాగిపట్టెడలో చిల్లర అంగడి నడుపుతాను. మీ యాప్‌లు వచ్చాక, రెండు రూపాయల చిల్లర లేక చాక్లెట్ చేతిలో పెట్టి మాటలు పడే బాధ నాకు తప్పింది. ఆ సంతోషం సంతోషమే. ఈ లేఖ మాత్రం మీ క్యాష్‌బ్యాక్ పోస్టర్ మీద ఉండే రెండు లైన్ల గురించి.

ఈ సంగతి ముందు సంబంధించిన కంపెనీకే చెప్పాను. యాప్‌లోని సహాయం విభాగంలో ఫిర్యాదు పెడితే, మీ అభిప్రాయం మాకు ముఖ్యం అని మెసేజ్ వచ్చింది. మరుసటి రోజే సమస్య పరిష్కారమైందని ఇంకో మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో నాకైతే తెలియలేదు. రెండుసార్లు మెయిల్ పెట్టాను, నలభై రోజులు చూశాను. పోస్టర్ అంటించి వెళ్ళిన కుర్రాడు ఉద్యోగం మారాడట. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు తీసేస్తే అలాంటి పోస్టర్ మీలో ఎవరిదైనా కావచ్చు.

జరిగింది చెబుతాను. దసరాకు ముందు ఒక కుర్రాడు వచ్చి నా గల్లాపెట్టె పక్కన రంగుల పోస్టర్ అంటించాడు. దాని మీద అరచేతి మందం అంకెలతో ‘₹100’ అని ఉంది. దాని కింద ‘క్యాష్‌బ్యాక్ గెలవండి! ఏ షాపులోనైనా స్కాన్ చేయండి’ అని ఉంది. వందకీ క్యాష్‌బ్యాక్‌కీ మధ్య ‘వరకు’ అనే మాట కూడా ఉంది. కాకపోతే అది ఆవగింజంత. అడుగున ఒక చుక్క గుర్తు, పక్కన ‘షరతులు వర్తిస్తాయి’. షరతులేంటని అడిగితే, ‘ఏం లేదన్నా, బిల్లు ఐదొందలు దాటితే చాలు’ అన్నాడు. ఆ మాటనే నేను వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. తప్పు నాది కూడా.

మా వీధి మలుపులో పూలు కట్టి అమ్ముకునే ఆమె ఒకరోజు సాయంత్రం సరుకులకు వచ్చింది. బిల్లు 362 అయింది. పోస్టర్ చూసి, ఐదొందలు చేస్తే వంద వస్తుందంటారు గదన్నా అంది. అవునమ్మా అన్నాను. ఆమెకు ఆ వారం అవసరం లేని చెనిక్కాయ నూనె ప్యాకెట్ ఒకటి, 148 రూపాయలది, బుట్టలో వేసుకుంది. మొత్తం 510. స్కాన్ చేసింది, పిన్ కొట్టింది, సౌండ్ బాక్స్ పలికింది. ఫోన్‌లో వచ్చిన కార్డును వేలితో గీకింది. నాలుగు రూపాయలు.

ఆమె నన్ను తిట్టలేదు. ఫోన్ నా వైపు తిప్పి చూపించి, ‘నాలుగు రూపాయలకు నూట నలభై ఎనిమిది రూపాయల నూనె కొనిపిస్తివి గదన్నా’ అంది. నూనె వెనక్కి తీసుకుంటానన్నాను. వద్దులే, ఎట్లా వాడుకుంటాం గదా అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు వారాలు ఆమె సరుకులకు వేరే అంగడికి వెళ్ళింది.

ఆ రాత్రి మా అబ్బాయిని కూర్చోబెట్టుకుని మీ షరతులు చదివించాను. పోస్టర్ తెలుగులో ఉంటే షరతులు మొత్తం ఇంగ్లీషులో ఉన్నాయి. ఆఫర్ మీద నొక్కాలి, వివరాలు నొక్కాలి, అడుగుదాకా జరిపి ఇంకోటి నొక్కాలి. అప్పుడు తెలిసింది, వచ్చేది ఒక రూపాయి నుంచి వంద రూపాయల మధ్య ఎంతైనా కావచ్చని. ఇంకా చాలా తెలిసింది. వాటిలో నా అంగడికి వచ్చే మనుషుల మీద పడేవి మాత్రం కింద రాస్తున్నాను.

1. ‘వరకు’ అన్న మాట గురించి. ₹100 వరకు అంటే మీ లెక్కలో వందకు మించదని అర్థం. చదివేవాళ్ళ లెక్కలో వందకు దగ్గరగా ఏదో వస్తుందని అర్థం. ఈ తేడా మీకు తెలియక కాదు, తెలిసే దాన్ని ఆవగింజంత చేశారని నా అనుమానం. వచ్చేది లాటరీ పద్ధతిలో అయితే ఆ మాటే రాయండి. ‘₹1 నుంచి ₹100 మధ్య ఎంతైనా రావచ్చు’ అనండి. దాని పక్కనే ఎక్కువమందికి ఎంత వస్తుందో కూడా రాయండి. ఆ లెక్క మీ దగ్గర ఉంటుంది, ఎందుకంటే ఆ మొత్తాలను పంచే ఏర్పాటు మీదే. ‘ఎక్కువమందికి ₹10 లోపే వస్తుంది’ అని ఉంటే పూలామె ఆ నూనె కొనేది కాదు. బహుశా అందుకే మీరు రాయరు. ‘గెలవండి’ అన్నది కూడా లాటరీ మాటే. ఖచ్చితంగా ఇచ్చేదైతే ‘ఇస్తాం’ అనండి.

తెలుగులో ఈ ‘వరకు’తో ఇంకో చిక్కు కూడా ఉంది. ‘₹500 వరకు బిల్లులపై క్యాష్‌బ్యాక్’ అని ఇంకో చోట చూశాను. అంటే బిల్లు ఐదొందలు దాటకూడదా, క్యాష్‌బ్యాక్ ఐదొందలు దాటదా? అట్లాగే ‘₹500 పైన’ అంటే సరిగ్గా ఐదొందల బిల్లుకు వస్తుందా రాదా? నాకు తెలిసి అంగట్లో గొడవలు సరిగ్గా ఐదొందల దగ్గరే వస్తాయి, ఎందుకంటే జనం బిల్లును సరిగ్గా అక్కడికి తెచ్చి ఆపుతారు. ‘₹500 లేదా అంతకంటే ఎక్కువ’ అని రాస్తే పోయేదేముంది?

2. శాతం లెక్క. మా మేనల్లుడి ఫోన్‌లో ఇంకో యాప్ ఆఫర్ చూశాను: ‘10% క్యాష్‌బ్యాక్. గరిష్ఠంగా ₹50. కనీస బిల్లు ₹499.’ మూడూ రాశారు, దాచిందేమీ లేదు. మెచ్చుకుందామనుకుని కాగితం మీద లెక్క వేసి చూశాను. 499కి పది శాతం అంటే 49 రూపాయల 90 పైసలు. 500కి 50. 501 నుంచి ఎంత బిల్లయినా అదే 50. అంటే పది శాతం అన్న మాట 499కీ 500కీ మధ్య ఉన్న ఒక్క రూపాయి సందులోనే నిజం. వెయ్యి రూపాయల బిల్లుకు అది ఐదు శాతం, రెండు వేలకు రెండున్నర శాతం. కనీసమూ గరిష్ఠమూ పక్కపక్కనే పెట్టి మధ్యలో శాతం తగిలించడం ఎందుకు? ‘₹499 లేదా అంతకంటే ఎక్కువ బిల్లుకు ₹50’ అంటే చదువుకోని మనిషికి కూడా ఒక్క చూపులో అర్థమవుతుంది. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు, అందుకే దీన్ని ఇంత విడమరచి రాశాను. నిజమైన అంకెలు పెట్టి కూడా మనిషిని తప్పు లెక్కలోకి దించొచ్చు.

3. ‘ఏ షాపులోనైనా’ అన్న మాట. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

నా అంగట్లో రెండు క్యూఆర్ స్టిక్కర్లు ఉండేవి. గల్లాపెట్టె మీద ఉన్నది సౌండ్ బాక్స్‌తో పాటు వచ్చిన వ్యాపారుల క్యూఆర్. కాటా పక్కన ఉన్నది చాలా కాలం కిందట నా సేవింగ్స్ ఖాతాకు తీసుకున్న సొంత క్యూఆర్. రెండూ స్కాన్ అవుతాయి, రెండింటి డబ్బూ నాకే వస్తుంది. నాకూ తేడా తెలియదు, కొనేవాళ్ళకూ తెలియదు. ఒక ఆటో డ్రైవర్ 640 రూపాయల సరుకులు తీసుకుని కాటా పక్కన స్కాన్ చేశాడు. కార్డూ రాలేదు, రూపాయీ రాలేదు. అదే సమయంలో పక్కన స్కాన్ చేసినతనికి ఏడు రూపాయలు వచ్చాయి. ‘నాది నీ ఖాతాలోకి మళ్ళించుకుంటివా ఏందన్నా’ అని నవ్వుతూనే అడిగాడు. నవ్వుతూ అడిగినా ఆ మాట గుచ్చుకుంటుంది.

మా అబ్బాయి మామూలు క్యూఆర్ స్కానర్‌తో ఆ రెండు స్టిక్కర్లనూ చదివి చూపించాడు. లోపల ఉండేది ఇలాంటి వరస. చిరునామాలు తీసేసి రాస్తున్నాను:

```
upi://pay?pa=...&pn=...&mc=5411
upi://pay?pa=...&pn=...&mc=0000
```

ఇందులో `mc` అన్నది ఏ రకం వ్యాపారమో చెప్పే నంబరు. 5411 అంటే కిరాణా. సొంత ఖాతా క్యూఆర్‌లో అది ఉండదు, లేదంటే సున్నాలు ఉంటాయి. సున్నాలు ఉన్నచోట కట్టిన డబ్బు మీ లెక్కలో అంగడికి కట్టినట్టు కాదు, ఒక మనిషి ఇంకో మనిషికి పంపినట్టు. దానికి ఆఫర్ లేదు. మీ షరతుల్లో దీన్ని ‘అర్హత గల వ్యాపారి లావాదేవీలు మాత్రమే’ అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాశారు. తెలుగులో రాసినా ఆ మాట ఎవరికీ అంతుపట్టదు.

తోపుడుబండి మీద జామకాయలు అమ్మేవాళ్ళు, లీలామహల్ దగ్గర టిఫిన్ బండ్లవాళ్ళు, గాజులమ్ముకునేవాళ్ళు, వీళ్ళలో చాలామందికి ఉన్నది సొంత ఖాతా క్యూఆరే. ఏ షాపులోనైనా అని మీరు రాసినప్పుడు, వాళ్ళ బండి దగ్గర ఆఫర్ రాకపోతే దొంగ అనిపించుకునేది మీరు కాదు, వాళ్ళు. నేను కాటా పక్కన స్టిక్కర్ పీకేశాను. బండ్లవాళ్ళకు ఉన్నది ఒక్కటే.

ఇంకో సంగతి. స్కాన్ చేసిన మరుక్షణం, పిన్ కొట్టకముందే, అది ఏ రకం క్యూఆరో మీ యాప్‌కు తెలుసు. బిల్లు మొత్తం టైప్ చేయగానే అదీ తెలుసు. ఆ మనిషి ఈ నెలలో ఒకసారి ఆఫర్ వాడుకున్నాడా అన్నదీ తెలుసు. అన్నీ తెలిసి కూడా డబ్బు కట్టేదాకా నోరు మెదపరు. ‘ఈ చెల్లింపుకు క్యాష్‌బ్యాక్ రాదు’ అని పిన్ అడిగే ముందు ఒక్క లైను చూపించడానికి మీకు కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు.

4. గడువు. ‘ఈ నెల 31 వరకు’ అని పైన, ‘కంపెనీ ముందస్తు సమాచారం లేకుండా ఎప్పుడైనా ఆపవచ్చు’ అని లోపల. ఈ రెండింటిలో ఏది గడువు? మొదట వచ్చిన ఇన్ని వేలమందికే అని పరిమితి ఉంటే ఆ సంఖ్య పోస్టర్ మీద ఉండాలి, అయిపోయిన రోజు యాప్‌లో బ్యానర్ పోవాలి. మా దగ్గర ఆఫర్ అయిపోయాక కూడా పోస్టర్ గోడ మీద పదకొండు రోజులు ఉంది, తీయమని చెప్పినవాళ్ళు లేరు. ‘నెలకు ఒకసారి’ అంటే క్యాలెండర్ నెలా, మొదటిసారి వాడిన రోజు నుంచి ముప్పై రోజులా అన్నది కూడా చెప్పండి. ఇక గంటలు తరిగిపోతున్నట్టు గడియారం చూపించి, సున్నాకు వచ్చాక మళ్ళీ మొదటి నుంచి తిప్పే ఆఫర్ల గురించి వేరే చెప్పక్కర్లేదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తెచ్చిన మార్గదర్శకాల్లో పదమూడు రకాల మాయలను పేర్లు పెట్టి నిషేధించారు. లేని తొందర పెట్టడం వాటిలో ఒకటి.

5. మా ఊరికి మాత్రమే ఉన్న బాధ ఒకటి. కొండకు వచ్చేవాళ్ళలో తమిళనాడు వాళ్ళు చాలామంది. ఇటు చిత్తూరు దాటితే కాట్పాడి, వేలూరు ఎంతో దూరం కాదు. తమిళనాడులో 1979 నాటి బహుమతి పథకాల నిషేధ చట్టం ఉంది. దాని వల్ల అదృష్టం మీద వచ్చే స్క్రాచ్‌కార్డులు ఆ రాష్ట్రంవాళ్ళకు వర్తించవని కొన్ని యాప్‌లు షరతుల్లో రాసుకుంటాయి. చట్టాన్ని పాటించడం మంచిదే. మరి అదే పోస్టర్ మీద ‘అందరికీ’ అని ఎట్లా రాస్తారు? నా అంగడి ముందు వరసలో నిలబడిన ఇద్దరిలో ఒకరికి వచ్చి ఒకరికి రాకపోతే, రానివాళ్ళకు కారణం నేను చెప్పాలి, అదీ నాకు వచ్చిన అరకొర తమిళంలో.

6. మోసగాళ్ళ సంగతి. మీ అసలు ఆఫర్ ఎంత వస్తుందో, ఎట్లా వస్తుందో స్పష్టంగా లేనప్పుడు, ‘మీకు ₹1,999 క్యాష్‌బ్యాక్ వచ్చింది, తీసుకోవడానికి పిన్ కొట్టండి’ అనే దొంగ మెసేజ్ కూడా అలాంటిదే అనిపిస్తుంది. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదన్నది మా వీధిలో ఇప్పటికీ సగంమందికి తెలియదు. ప్రతి ఆఫర్ కిందా ఆ ఒక్క వాక్యం ఉండాలి. మోసపోతే వెంటనే ఫోన్ చేయాల్సిన 1930 నంబరు కూడా పక్కనే వేస్తే ఇంకా మంచిది.

చట్టం గురించి ఎక్కువ రాయను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2022 జూన్ 9న తప్పుదోవ పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు వచ్చాయి. ప్రకటన ఏ భాషలో ఉంటే దాని షరతు కూడా ఆ భాషలోనే ఉండాలని, అక్షరాలు ప్రకటనలో వాడినవే ఉండాలని, కళ్ళకు కనిపించే చోట పెట్టాలని, ముఖ్యమైన విషయాన్ని షరతుల మాటున దాచకూడదని అందులో ఉంది. తెలుగు పోస్టర్‌కు ఇంగ్లీషు షరతులు, అరచేతంత వందకు ఆవగింజంత ‘వరకు’ దీనికి ఎట్లా సరిపోతాయో మీ లాయర్లే చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఆ చట్టం కింద పది లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు.

చోటు చాలదని అంటారేమో. అందుకని నేనే ఒకటి రాసి చూశాను. రచయితను కాను, అంగడివాణ్ణి. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవి, మీవి మీరు వేసుకోండి:

“కిరాణా, మందులు, కూరగాయల అంగళ్ళలో ₹500 లేదా అంతకంటే ఎక్కువ బిల్లు కడితే ₹20 క్యాష్‌బ్యాక్ ఇస్తాం. ఇరవైకి తగ్గదు, పెరగదు.
ఒక మనిషికి అక్టోబరు నెలలో ఒక్కసారే.
అక్టోబరు 1 నుంచి 31వ తేదీ రాత్రి 11:59 దాకా. మధ్యలో ఆపం.
వ్యాపారుల క్యూఆర్‌కు, బ్యాంకు ఖాతా నుంచి కట్టినప్పుడే వస్తుంది. మనిషి సొంత క్యూఆర్‌కు కడితే రాదు. వస్తుందో రాదో పిన్ కొట్టే ముందే తెర మీద చూపిస్తాం.
డబ్బు 24 గంటల్లో మీ బ్యాంకు ఖాతాలోకే వస్తుంది, కూపన్ కాదు.
క్యాష్‌బ్యాక్ తీసుకోవడానికి పిన్ అడగం.”

మా అబ్బాయి దీన్ని మీ పోస్టర్ సైజు కాగితం మీద కొలిచి రాశాడు. టపాకాయల బొమ్మ ఒక్కటి తీసేస్తే అంతా పట్టింది. అక్షరాలు పది అడుగుల దూరం నుంచి చదవొచ్చు. వందకు బదులు ఇరవై అని ఉంటే జనం ఎగబడరని మీ మార్కెటింగ్ వాళ్ళు అనొచ్చు. నాలుగు రూపాయలు వచ్చినవాళ్ళు రెండోసారి ఎగబడతారా అని వాళ్ళను ఒకసారి అడగండి.

మేము కోరేది ఇది:

1. ఎంత వస్తుంది, ఎంత బిల్లుకు, ఎన్నిసార్లు, ఎప్పటిదాకా, ఎక్కడ రాదు అన్న ఐదూ ఆఫర్ ఉన్న చోటే, ఆఫర్ ఉన్న భాషలోనే, అంతే అక్షరాల్లో ఉండాలి. నొక్కితే తెరుచుకునే పేజీలో కాదు.

2. ఆ చెల్లింపుకు క్యాష్‌బ్యాక్ వస్తుందో రాదో, రాకపోతే ఎందుకు రాదో పిన్ అడిగే ముందే చూపించాలి.

3. ఎంతైనా రావచ్చన్న ఆఫర్లలో ఎక్కువమందికి వచ్చే మొత్తం ఎంతో రాయాలి.

4. గడువు ముందే ఆఫర్ ఆపితే, ఆపిన రోజే అంగళ్ళకు మెసేజ్ పంపి పోస్టర్ తీయించాలి. అప్పటికే కట్టినవాళ్ళకు రావాల్సింది ఇవ్వాలి.

5. తెలుగు ఆఫర్‌ను ఇంగ్లీషు నుంచి మాటకు మాట దించకుండా, తెలుగు వచ్చిన మనిషితో రాయించి, అచ్చు వేయకముందు ఒక అంగడివాడికో ఆటో నడిపే మనిషికో చదివి వినిపించాలి. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు పోస్టర్ మీద లేకపోతే అది సరిగ్గా రాయలేదనే లెక్క.

పదిహేను రోజులు చూస్తాం. ఆ తర్వాత మా వీధిలోని పదకొండు అంగళ్ళవాళ్ళం పోస్టర్ ఫొటోలతో 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఎవరి ఫిర్యాదు వాళ్ళం పెడతాం.

అప్పటిదాకా మీ పోస్టర్‌ను వెనక్కి తిప్పి అదే చోట అంటించాను. తెల్లగా ఉన్న వైపు స్కెచ్ పెన్నుతో నేను రాసింది ఇదీ: ‘ఇక్కడ స్కాన్ చేస్తే సరుకుల డబ్బులు నాకు వస్తాయి. మీకు ఏమొస్తుందో నాకు తెలియదు. కావాల్సినంతే కొనుక్కోండి.’ పూలామె మొన్న వచ్చి అది చదివి, అరకిలో కందిపప్పు, పావుకిలో చక్కెర తీసుకుని 120 రూపాయలు నోట్లే ఇచ్చి వెళ్ళింది.

ఇట్లు,
ఒక చిల్లర అంగడి యజమాని,
బైరాగిపట్టెడ, తిరుపతి